ఏ ఫిబ్రవరి 22? ఉద్యోగ నోటిఫికేషన్ వివరణలకు శీర్షిక పెట్టే పద్ధతి

ప్రశ్న: మాస్టారూ, మాది పలాస. నెట్ సెంటర్ నడుపుకుంటూ గవర్నమెంట్ ఉద్యోగాల నోటిఫికేషన్లకు తెలుగులో వివరణలు రాస్తున్నాను. అర్హత, చివరి తేదీ, అధికారిక వెబ్‌సైట్ మూడూ శీర్షికలోనే పెడుతున్నాను. నెల తిరిగేసరికి అందులో సగం తప్పయిపోతోంది. పాత తేదీ చూసి జనం వస్తున్నారు, నన్ను తిట్టి పోతున్నారు. పాతబడకుండా శీర్షిక ఎలా పెట్టాలి?

జవాబు:

చివరి తేదీ ఉన్న శీర్షిక ఏదో ఒక రోజు పాతబడి తీరుతుంది, దాన్ని ఆపలేం. పాతబడ్డాక కూడా అది అబద్ధం చెప్పకుండా రాయవచ్చు. మార్చాల్సిన రోజున గుర్తుపెట్టుకుని మార్చవచ్చు. మన చేతిలో ఉన్నవి ఈ రెండే. మొదటిది నేను ఎలా నేర్చుకున్నానో ముందు చెబుతాను.

2025 ఫిబ్రవరి మూడో వారంలో పాతపట్నం వైపు నుంచి ఒకాయన శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరున్న మా షాపుకి వచ్చాడు. చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, పక్కన భార్య. "మాస్టారూ, డీఎస్సీకి 22 ఆఖరంట కదా, మా ఆవిడకి అప్లై చెయ్యండి" అని ఫోన్ చూపించాడు. అందులో ఉన్నది నేను రాసిందే: "డీఎస్సీ: 6,100 టీచర్ పోస్టులు, డీఈడీ, బీఈడీ వారికి, ఫిబ్రవరి 22 ఆఖరు". రాసింది మాత్రం 2024లో. ఆ నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరి 12న వచ్చింది. ఎన్నికలై ప్రభుత్వం మారాక రద్దయింది. దాని స్థానంలో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 ఏప్రిల్ 20న వచ్చింది. అంటే వాళ్లు వచ్చిన రోజుకి డీఎస్సీ దరఖాస్తే లేదు. ఇంకో చిత్రం, అదే వారం మా గోడ మీద రైల్వే గ్రూప్ డి పోస్టర్ ఉంది. దాని మీద కూడా "ఫిబ్రవరి 22 ఆఖరు" అనే ఉంది. ఆయన లోపలికి వస్తూ అది చూసి, తన తేదీ సరైనదేనని ఇంకా గట్టిగా నమ్మాడు.

నేను చేసిన తప్పు ఒక్కటే, సంవత్సరం రాయలేదు. ఫిబ్రవరి 22 ఏటా వస్తుంది. 2024 ఫిబ్రవరి 22 ఇంకెప్పటికీ రాదు. ఆ నాలుగు అంకెలు ఉండుంటే ఎన్ని ఫోన్లు తిరిగినా ఆ శీర్షిక తన వయసు తానే చెప్పుకునేది. అప్పటినుంచి సంవత్సరం లేని తేదీ నేను రాయలేదు. "ఇవాళే ఆఖరు", "ఇంకా 3 రోజులే", "తాజా నోటిఫికేషన్" అన్న మాటలు కూడా శీర్షికలో రానివ్వను. అవి రాసిన రోజు నిజం, మర్నాటికి అబద్ధం. వాట్సాప్‌లో ఒకసారి బయటికి వెళ్లిన మాటను వెనక్కి తెచ్చుకోలేం కదా.

సంవత్సరంతో పాటు నోటిఫికేషన్ నంబరు కూడా ఉండాలి. పోస్టుల సంఖ్య చూసి గుర్తుపడతారులే అనుకోవద్దు. 2022 నవంబరులో వచ్చిన ఏపీ పోలీస్ కానిస్టేబుల్ పోస్టులూ 6,100, 2024 డీఎస్సీ పోస్టులూ 6,100. పైగా పోస్టుల సంఖ్య మధ్యలో మారుతుంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్, దాని నంబరు సీఈఎన్ 01/2024, 5,696 పోస్టులతో మొదలై తర్వాత 18,799కి పెరిగింది. ఏపీపీఎస్సీ గ్రూప్ 2 (నంబరు 11/2023) 897తో మొదలై 905కి చేరింది. అందుకే పోస్టుల సంఖ్యను నేను లోపల మొదటి పేరాలోనే పెడతాను. శీర్షికలో పెద్ద అంకె ఉంటే ఎక్కువమంది తెరుస్తారన్నది నిజమే, కాదనను. అది మారినప్పుడల్లా శీర్షిక దిద్దే ఓపిక మీకుంటే పెట్టుకోండి, నాకు లేదు.

ఇప్పుడు ఆ గోడ మీద పోస్టర్ ఉన్న రైల్వే నోటిఫికేషన్‌నే తీసుకుందాం. సీఈఎన్ 08/2024, లెవల్ 1 పోస్టులు. మనవాళ్లు గ్రూప్ డి అంటారు, వెతికేదీ ఆ పేరుతోనే. మొదట 2024 డిసెంబరు ఆఖరులో క్లుప్త ప్రకటన వచ్చింది. సుమారు 32 వేల పోస్టులు, దరఖాస్తులు 2025 జనవరి 23 నుంచి ఫిబ్రవరి 22 దాకా అని. అప్పటికి అర్హత పూర్తిగా తెలియదు. అంతకు ముందున్న నిబంధనల్లో గ్రూప్ డి టెక్నికల్ విభాగాలకు పదో తరగతితో పాటు ఐటీఐ లేదా అప్రెంటిస్ సర్టిఫికెట్ కూడా ఉండాలని ఉండేది. ఈసారి ఏం అడుగుతారోనని అందరికీ టెన్షన్. ఆ దశలో "పదో తరగతి చాలు" అని శీర్షిక పెడితే అది ఊహే. నా పద్ధతిలో ఆ రోజుకి శీర్షిక ఇంతవరకే ఉండాలి:

"రైల్వే గ్రూప్ డి సీఈఎన్ 08/2024: దరఖాస్తులు 2025 జనవరి 23 నుంచి, అర్హతతో పూర్తి నోటిఫికేషన్ ఇంకా రావాలి"

"రావాలి" అని ఉంది కాబట్టి చూసినవాడు మళ్లీ వస్తాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయలేదు కాబట్టి తిట్టడు. పూర్తి నోటిఫికేషన్ వచ్చాక పోస్టులు 32,438 అని తేలింది. పదో తరగతి లేదా ఐటీఐ లేదా ఎన్‌సీవీటీ ఇచ్చే అప్రెంటిస్ సర్టిఫికెట్ ఎన్‌ఏసీ, వీటిలో ఏదున్నా చాలన్నారు. వయసు 2025 జనవరి 1 నాటికి 18 నుంచి 36. అప్పుడు అదే పేజీ శీర్షిక ఇలా మారాలి:

"రైల్వే గ్రూప్ డి సీఈఎన్ 08/2024: పదో తరగతి లేదా ఐటీఐ, 18–36 ఏళ్లు, చివరి తేదీ 2025 ఫిబ్రవరి 22, rrbapply.gov.in"

ఆ ఫిబ్రవరి 22 కూడా నిలబడలేదు. గడువు మార్చి 1 దాకా పొడిగించారు. ఇక్కడ చాలామంది రెండు తప్పులు చేస్తారు. ఒకటి, పాత పేజీని అలాగే వదిలేసి "గడువు పొడిగింపు" అని కొత్త పేజీ రాస్తారు. వెతికేవాడికి రెండూ కనిపిస్తాయి. ఎక్కువమంది పంచుకున్నది పాతదే కాబట్టి అదే ముందు కనిపిస్తుంది. రెండోది, శీర్షికలో తేదీ మార్చి లోపల మూడో పేరాలోని తేదీని మరిచిపోతారు. పొడిగింపు వచ్చిన రోజున పేజీ అదే ఉండాలి, శీర్షిక మాత్రం మారాలి:

"రైల్వే గ్రూప్ డి సీఈఎన్ 08/2024: పదో తరగతి లేదా ఐటీఐ, 18–36 ఏళ్లు, గడువు 2025 మార్చి 1కి పొడిగింపు, rrbapply.gov.in"

మార్చి 2 ఉదయం షాపు తీయగానే "గడువు 2025 మార్చి 1న ముగిసింది" అని పెట్టాలి. పేజీ తీసేయకండి. ఆ నంబరుతో అడ్మిట్ కార్డు కోసం, పరీక్ష తేదీ కోసం నెలల తరబడి వెతుకుతారు. అర్హత వివరాలు కూడా లోపల ఉండనివ్వండి, సర్టిఫికెట్ వెరిఫికేషన్ నాటికి అవసరం పడతాయి.

పేజీ చిరునామాలో తేదీ పెట్టారేమో ఒకసారి చూసుకోండి. శీర్షిక మార్చినా చిరునామా మారదు, మారిస్తే పాత లింకులు తెగిపోతాయి. group-d-last-date-22-feb అని పెట్టుకున్నవాడు పొడిగింపు రోజున ఇరుక్కుంటాడు. rrb-group-d-cen-08-2024 అని పెడితే ఆ గొడవ ఉండదు.

చివరి తేదీ అంటే ఒక్క తేదీ కాదు. మీ షాపులో గొడవలు ఎక్కువగా దీనివల్లే అయి ఉంటాయని నా అనుమానం. దరఖాస్తు పంపడానికి ఒక తేదీ, ఫీజు కట్టడానికి ఒకటి, తప్పులు దిద్దుకోవడానికి మరొకటి ఉంటాయి. పై రైల్వే నోటిఫికేషన్‌లో పొడిగింపు తర్వాత దరఖాస్తు మార్చి 1 వరకు, ఫీజు మార్చి 3 వరకు, దిద్దుబాట్లు మార్చి 4 నుంచి 13 వరకు. 2024 డీఎస్సీలో మొదట ఇచ్చిన తేదీలు దీనికి తలకిందులు. ఫీజు ఫిబ్రవరి 21 వరకు, దరఖాస్తు 22 వరకు. ముందు ఫీజు కట్టాలి, ఆ తర్వాతే ఫారం తెరుచుకుంటుంది. "22 ఆఖరు" అన్న శీర్షిక చూసి 22న వచ్చినవాడికి ఆ లెక్కన దారి మూసుకుపోయినట్టే. శీర్షిక తప్పు రాయలేదు, కానీ మనిషి నష్టపోయాడు.

అందుకే నేను పెట్టుకున్న లెక్క ఇది: ఏ తేదీ ముందు దాటిపోతే మనిషికి దారి మూసుకుంటుందో ఆ తేదీనే శీర్షికలో పెట్టాలి. డీఎస్సీ లాంటి వాటికి "ఫీజుకు చివరి తేదీ 2024 ఫిబ్రవరి 21" అని ఫీజు పేరుతోనే. రైల్వేకి దరఖాస్తు తేదీ. మిగతావన్నీ లోపల. మూడు తేదీలూ శీర్షికలో కుక్కితే ఫోన్‌లో మొదటి ముక్క కనిపించి మిగిలింది చుక్కలైపోతుంది. మన తెలుగు అక్షరాలు చోటు ఎక్కువ తీసుకుంటాయి, అందుకే ఉద్యోగం పేరు, నంబరు ముందు ఉండాలి. ఆ తర్వాత అర్హత, తేదీ. వెబ్‌సైట్ చివర. తెగితే అదే తెగుతుంది, ఎలాగూ లోపల ఉంటుంది.

అర్హత దగ్గరికి వద్దాం. ఇది తేదీలా ఒక్క రోజులో పాతబడదు కానీ, ఒక నోటిఫికేషన్ నుంచి ఇంకోదానికి కాపీ కొట్టినప్పుడు చెడిపోతుంది. మన జిల్లాల్లో ఎక్కువగా జరిగేది వయసు సడలింపు తప్పు. రాష్ట్ర ఉద్యోగాల్లో బీసీలకు 5 ఏళ్లు సడలింపు ఉంటుంది. కేంద్ర ఉద్యోగాల్లో ఓబీసీకి 3 ఏళ్లే. ఏపీపీఎస్సీ వివరణ నుంచి "బీసీలకు 5 ఏళ్లు" అన్న ముక్కను రైల్వే వివరణలో అతికిస్తే 40 ఏళ్ల మనిషి ఫీజు కట్టేస్తాడు. ఆయనకు పరిమితి 39 దగ్గరే అయిపోయింది. ఇంకో చిక్కు, రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కొన్ని కులాలు కేంద్ర ఓబీసీ జాబితాలో లేవు. ఉత్తరాంధ్రలో ఇది ఇంటింటి సమస్య. శీర్షికలో సడలింపు రాయనే రాయకండి, సాధారణ పరిమితి చాలు. లోపల మాత్రం "కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందో లేదో చూసుకోండి" అని ఒక వాక్యం తప్పకుండా ఉండాలి.

వయసు ఏ తేదీ నాటికి లెక్కిస్తారో కూడా లోపల రాయండి. గడువు వారం పొడిగించారు కదా అని వయసు లెక్క తేదీ కూడా వారం జరుగుతుందని కొందరు అనుకుంటారు. జనవరి 1 అంటే జనవరి 1 నాటికే. విద్యార్హత ఏ తేదీకల్లా ఉండాలన్నది మాత్రం పొడిగింపు ప్రకటనలో వేరే చూసుకోవాలి, ఊహించి రాయకూడదు.

గడువు మధ్యలో అర్హతే మారిన సందర్భాలూ ఉన్నాయి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో డిసెంబరు చివరలో గరిష్ఠ వయసు 2 ఏళ్లు పెంచారు, దరఖాస్తు గడువును 2023 జనవరి 7 దాకా జరిపారు. తేదీ ఒక్కటే మార్చి వయసు మార్చని వివరణలు అప్పట్లో ఎన్నో చూశాను. అవి చదివి "నాకు వయసు దాటిపోయింది" అని ఊరుకున్న కుర్రాళ్లు మన దగ్గరికి రారు, తిట్టరు కూడా. ఆ తప్పు మనకు తెలియనే తెలియదు. అందుకే సవరణ ప్రకటన ఏది వచ్చినా, శీర్షిక దిద్దే ముందు ఆ కాగితం మొత్తం చదవాలి.

జిల్లా సంగతి కూడా అర్హతలోదే. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి. రాజాం విజయనగరంలోకి వెళ్లింది, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. డీఎస్సీ పోస్టులు మాత్రం పాత ఉమ్మడి జిల్లాల లెక్కనే వచ్చాయి. "శ్రీకాకుళం జిల్లా పోస్టులు" అని శీర్షిక పెడితే పాలకొండ అమ్మాయి తనది కాదనుకుని దాటేస్తుంది. "ఉమ్మడి శ్రీకాకుళం" అని ఒక్క మాట చేర్చండి, సరిపోతుంది.

ఇక అధికారిక వెబ్‌సైట్. "చివర gov.in ఉంటేనే అసలుది" అన్న సూత్రం సగమే పనిచేస్తుంది. 2025 మెగా డీఎస్సీ దరఖాస్తులు తీసుకున్న apdsc.apcfss.in చివర gov.in లేదు, అయినా అదే అసలుది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పాత చిరునామా ssc.nic.in చూడటానికి పక్కా ప్రభుత్వానిదే. కానీ 2024 ఫిబ్రవరిలో అది ssc.gov.in కి మారింది, పాతదాంట్లో చేసుకున్న వన్ టైమ్ రిజిస్ట్రేషన్ కొత్తదాంట్లో పనికిరాలేదు, మళ్లీ చేసుకోవాల్సి వచ్చింది. కాబట్టి చిరునామాను నిరుటి మీ వివరణ నుంచి కాపీ చేయకండి. ఆ నోటిఫికేషన్ పీడీఎఫ్‌లో ఏది ముద్రించారో అదే రాయండి. రైల్వేకి ప్రకటన ఒకచోట, దరఖాస్తు ఇంకోచోట ఉంటాయి. మనవాళ్లలో చాలామంది భువనేశ్వర్ బోర్డు ఎంచుకుంటారు కాబట్టి ప్రకటనకు rrbbbs.gov.in, సికింద్రాబాద్ ఎంచుకునేవారికి rrbsecunderabad.gov.in, దరఖాస్తుకు rrbapply.gov.in. శీర్షికలో దరఖాస్తుదే ఉండాలి, మిగతావి లోపల.

జిల్లా స్థాయి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పోస్టులకు srikakulam.ap.gov.in, vizianagaram.ap.gov.in సైట్లలో రిక్రూట్‌మెంట్ పేజీ చూస్తారు కదా. అక్కడ ప్రతి ప్రకటన పక్కన మొదలు తేదీ, ముగింపు తేదీ అని రెండు నిలువు వరుసలు ఉంటాయి. ఆ ముగింపు తేదీని చివరి తేదీ అనుకుని శీర్షికకు ఎక్కించకండి. అది చాలాసార్లు ఆ ప్రకటన పేజీలో ఎప్పటిదాకా కనిపించాలన్నది మాత్రమే. అసలు తేదీ, సమయం పీడీఎఫ్ లోపల ఉంటాయి. సాయంత్రం 5 గంటల లోపు ఆఫీసులో చేతికి ఇవ్వాలా, ఆన్‌లైనా అన్నది కూడా అందులోనే. చేతికివ్వాల్సిన వాటికి శీర్షికలో వెబ్‌సైట్ బదులు "ఆఫీసులో స్వయంగా" అని పెడతాను. లేకపోతే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ఫారం కోసం వెతుకుతూ గడువు దాటించేస్తారు.

మార్చాల్సిన రోజు గుర్తుండటానికి నేను ఒక గూగుల్ షీట్ పెట్టుకున్నాను. నోటిఫికేషన్ నంబరు ఒక గడిలో, పేజీ లింకు ఒక గడిలో, శీర్షికకు ఎక్కిన తేదీ C గడిలో. D గడిలో ఇది:

```
=IF(TODAY()>C2,"గడువు ముగిసింది","చివరి తేదీ "&TEXT(C2,"d-m-yyyy"))
```

పొద్దున్నే షీట్ తెరిస్తే ఏది ముగిసిందో కనిపిస్తుంది, ఆ శీర్షికలు దిద్దుతాను. అయితే ఈ సూత్రానికి పొడిగింపు తెలియదు. అందుకే చివరి తేదీకి రెండు రోజుల ముందు, ఆ రోజు, మర్నాడు మూడుసార్లు అసలు సైట్ తెరిచి చూస్తాను. పొడిగింపులు ఎక్కువగా చివరి రెండు రోజుల్లోనే వస్తాయి. నేను సైట్ చూసిన తేదీని వివరణ పైభాగంలో రాస్తాను: "ఈ వివరాలు rrbapply.gov.in తో సరిచూసింది ఫలానా తేదీన" అని. చూడకుండా ఆ తేదీ మార్చకూడదు. కొందరు రోజూ అది మార్చేస్తుంటారు, లోపల ఏమీ చూడకుండానే.

వాట్సాప్‌కి పంపే పోస్టర్ బొమ్మల సంగతి వేరే. బొమ్మ మీద అక్షరాన్ని తర్వాత దిద్దలేం. అందుకే ఇప్పుడు నా పోస్టర్ మీద ఉద్యోగం పేరు, నోటిఫికేషన్ నంబరు, అర్హత, పేజీ లింకు ఉంటాయి. తేదీ ఉండాల్సిన చోట "చివరి తేదీ లింకులో చూడండి" అని ఉంటుంది. తేదీ లేని పోస్టర్ ఎవరూ పంచుకోరని మా కుర్రాడు వాదించాడు. కొంత నిజమే, పంచుకోవడం తగ్గింది. వాడి మాట మీద ఇప్పుడు చివరి మూడు రోజుల్లో మాత్రం సంవత్సరంతో సహా తేదీ ఉన్న పోస్టర్ ఒకటి వేస్తున్నాం. దాని కింద "పొడిగించారేమో లింకులో చూడండి" అని ఇంకో వరుస ఉంటుంది. ఆ పాతపట్నం దంపతులకు ఏప్రిల్ 20న నేనే ఫోన్ చేసి డీఎస్సీ వచ్చిందని చెప్పాను. మే 15 ఆఖరు అన్నాను. "ఏ సంవత్సరం మాస్టారూ" అని నవ్వాడాయన.